ఫొటోలో పడని చివరి రెండు వరుసలు

గత ఏడాది దాళ్వాకు ముందు, కార్తీక మాసంలో, అంబాజీపేట దగ్గర మా ఊళ్లో పద్నాలుగు మంది రైతుల ఫోన్లకు వాట్సాప్‌లో ఐదు ఫొటోలు వచ్చాయి. అవి ఒక విత్తన కంపెనీ ఒప్పంద పత్రం పేజీలు. అంతా ఇంగ్లీషు. పంపినవాడు ఆర్గనైజరు, మాకు తెలిసిన మనిషే. "సోమవారం సంతకాలు, మంగళవారం విత్తనం దింపేస్తాం. ఇందులో చదవడానికేముందండీ, అన్ని ఊళ్లలోనూ ఇదే కాగితం" అన్నాడు.

సోమవారం మేము సంతకాలు చేయలేదు. ఆ కాగితాన్ని తెలుగులో రాసుకుని, అర్థం కానివీ అనుమానం ఉన్నవీ ఒక మెయిల్‌లో పెట్టి, కంపెనీ వారినే ఖాయపరచమని అడిగాం. ఈ దాళ్వాకు కూడా అలాంటి ఫొటోలు ఊళ్లలో తిరుగుతున్నాయి కనుక ఆ మెయిల్ సంగతి రాస్తున్నాం. మా అనుభవంలో తేలింది ఒక్కటే. తెలుగు చేసుకుంటే ఏం అడగాలో తెలుస్తుంది. మెయిల్ రాస్తే జవాబు వస్తుంది. ఆ జవాబు ఒప్పంద పత్రంలోకి ఎక్కితేనే అది మనకు పనికొస్తుంది. మూడో మెట్టు దగ్గర మేము కూడా జారిపోయేవాళ్లమే.

అంబాజీపేట అంటే అందరికీ కొబ్బరి మార్కెట్ గుర్తొస్తుంది. కానీ మాలో ప్రతివాడికీ తోటతో పాటు ఎకరమో ఎకరంన్నరో వరి చేను ఉంది. పద్నాలుగు మందివీ కలిపితే పందొమ్మిది ఎకరాలు. అందులో ఆరుగురు కౌలుదార్లు. పెట్టుబడి రాక 2011లో మన కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించిన సంగతి ఎవరూ మరచిపోలేదు. అందుకే మామూలు ధాన్యం బదులు విత్తన ధాన్యం పండించి ఇస్తే బస్తాకు రెండొందల యాభై అదనంగా ఇస్తామంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. కంపెనీ ఎం.టి.యు. 1121 మూల విత్తనం ఇస్తుంది, మేము పండిస్తాం, వాళ్లే కొంటారు. నోటితో చెప్పింది ఇంతే.

మొదట మా కుర్రాళ్లు ఆ ఫొటోలను ఫోనులో అనువాదం చేసే యాప్‌లో పెట్టారు. వచ్చిన తెలుగు చదివి నవ్వుకున్నాం. "రైతు దుర్మార్గులను సకాలంలో తొలగించవలెను" అని వచ్చింది ఒకచోట. చేలో కేళీలు, అంటే వేరే రకం మొక్కలు ఏరిపారేయడానికి విత్తనాల వాళ్ల ఇంగ్లీషులో వాడే మాట, దుర్మార్గుడు అనే అర్థమిచ్చే మాట ఒకటేనట. ఇంకోచోట "కంపెనీ చాలా తిరస్కరించవచ్చును" అని ఉంది. ఒక రైతు ఒక చేలో పండించి, ఒక గుర్తు నంబరుతో కట్టి ఉంచిన ధాన్యాన్ని విత్తనాల వాళ్లు 'లాట్' అంటారు. ఆ లాట్‌ను యాప్ 'చాలా' చేసేసింది. నిజానికి అక్కడ ఉన్నది "కంపెనీ ఏ లాట్‌నైనా తిరస్కరించవచ్చు" అని.

ఇవి నవ్వొచ్చే తప్పులు కనుక వెంటనే పట్టుబడ్డాయి. పట్టుబడని తప్పులతోనే ప్రమాదం. తేమ శాతం దగ్గర యాప్ 18 అని రాసింది. ప్రభుత్వ కొనుగోలులో 17 శాతం వరకూ తీసుకుంటారని మనందరికీ అలవాటే, కాబట్టి 18 చూసి ఎవరికీ అనుమానం రాలేదు, పైగా సంతోషించాం. మా ఊరి రిటైర్డ్ ఇంగ్లీషు మాష్టారు ఫొటోను పెద్దది చేసి చూసి, "ఇది ఎనిమిది కాదురా, మూడు. కాగితం మడత దాని మీద పడింది" అన్నారు. విత్తన ధాన్యానికి తేమ 13 శాతం మించకూడదన్నది ధృవీకరణ ప్రమాణం కూడాను, అందుచేత 13 అనడంలో న్యాయముంది. కానీ మడత మీద మేము ఊహించింది నిజమో కాదో కాగితం రాసినవాళ్లే చెప్పాలి.

మాష్టారు ఒక పద్ధతి పెట్టారు. నోటుబుక్కులో ఎడమవైపు ఇంగ్లీషు వరుస ఉన్నదున్నట్టు, కుడివైపు తెలుగు. అంకె వచ్చిన ప్రతిచోటా ఇద్దరు విడివిడిగా చదివి సరిపోల్చాలి. కుదరకపోతే అక్కడ ప్రశ్న గుర్తు. ఫొటో అంచున అక్షరాలు తెగితే "ఇక్కడ తెగింది" అని రాయాలి, ఊహించి పూర్తి చేయకూడదు. రెండు రాత్రులు పట్టింది. ఆఖరికి పదకొండు ప్రశ్న గుర్తులు మిగిలాయి. వాటిలో ముఖ్యమైనవి ఏరి మెయిల్ రాశాం. తెలుగులో రాసి, కిందనే మాష్టారు చేసిన ఇంగ్లీషు పెట్టి, ఐదు ఫొటోలూ, మా నోటుబుక్కు పేజీలూ జత చేశాం. పత్రం అడుగున ఉన్న కంపెనీ చిరునామాకే పంపి, ఆర్గనైజరుకు నకలు ఇచ్చాం. అందులో పేర్లు తీసేసి ఇక్కడ ఇస్తున్నాం.

"విషయం: విత్తన వరి సాగు ఒప్పందం. సంతకానికి ముందు నిబంధనలు ఖాయపరచమని మనవి.

అయ్యా, మీ ఆర్గనైజరు గారు మాకు ఒప్పంద పత్రం ఐదు పేజీలు ఫొటోలుగా పంపారు. వాటిని మేము తెలుగు చేసుకున్నాం. మేము అర్థం చేసుకున్నది సరైనదో కాదో మీరు రాతపూర్వకంగా చెప్పాలని కోరుతున్నాం.

ఒకటి. ధర 'అనుబంధం బి' ప్రకారం అని 5వ నిబంధనలో ఉంది. ఆ అనుబంధం మాకు రాలేదు. పంపగలరు.

రెండు. 6వ నిబంధనలో తేమ 13 శాతమా, 18 శాతమా? అంతకు మించితే ఒక్కో శాతానికి క్వింటాలుకు ఎన్ని కిలోలు తగ్గిస్తారు?

మూడు. 7వ నిబంధనలో కంపెనీ కొనుగోలు 'చేయవచ్చు' అని ఉన్నట్టు మాకు అర్థమైంది. మొలక, స్వచ్ఛత పరీక్షల్లో నెగ్గిన లాట్‌ను కంపెనీ తప్పక కొంటుందా?

నాలుగు. 9వ నిబంధన ప్రకారం రైతు ఇతరులెవ్వరికీ అమ్మకూడదు. 12వ నిబంధన ప్రకారం తిరస్కరించిన లాట్‌తో కంపెనీకి సంబంధం లేదు. అలాంటి లాట్‌ను మేము మామూలు ధాన్యంగా అమ్ముకోవచ్చా? తిరస్కరించిన సంగతి నమూనా తీసిన ఎన్ని రోజుల్లో చెబుతారు?

ఐదు. నమూనా మా ఎదుట తీసి, మూడు భాగాలు చేసి, సీలు వేసి, ఒక భాగం మాకు ఇస్తారా?

ఆరు. పత్రంలో రైతు అంటే భూమి యజమాని అని ఉంది. మాలో ఆరుగురు కౌలుదార్లు. వారితో ఒప్పందం చెల్లుతుందా?

5వ పేజీ ఫొటోలో అడుగు భాగం తెగిపోయింది. ఆ పేజీ పూర్తిగా పంపగలరు. నారుమళ్ల అదను దాటకుండా డిసెంబరు 5 లోగా జవాబు ఇవ్వగలరు. అంతవరకు మేము సంతకం చేయడం లేదు, మూల విత్తనం దించుకోవడం లేదు."

ఆఖరి మాట ఎందుకు రాశామో చెప్పాలి. సంతకం లేకపోయినా విత్తనం దించుకుని చల్లేస్తే, ఆ షరతులకు మనం ఒప్పుకున్నట్టే అని అవతలివాళ్లు వాదించవచ్చు. ఇచ్చినదాన్ని పుచ్చుకోవడం కూడా అంగీకారమేనని 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే ఉంది. "ముందు విత్తనం దింపుకోండి, సంతకం తర్వాత చూద్దాం" అని ఎవరన్నా అంటే, మేలు చేస్తున్నారనుకుని ఒప్పుకోకండి.

ఈ ఆరింటిలో అసలు ప్రాణం మూడు, నాలుగు ప్రశ్నల్లో ఉంది. తొమ్మిదో నిబంధన విడిగా చదివితే తప్పు కనిపించదు. కంపెనీ తన విత్తనం ఇచ్చింది, పంట తనకే ఇవ్వమంటుంది. పన్నెండో నిబంధన విడిగా చదివినా తప్పు కనిపించదు. మొలక రాని ధాన్యాన్ని విత్తనంగా ఎవరు కొంటారు? వరికి మొలక కనీసం 80 శాతం ఉండాలన్నది ప్రమాణం. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే అప్పుడు తెలుస్తుంది. మొలక 79 వచ్చిందనుకోండి. కంపెనీ కొనదు. ఇంకెవరికీ అమ్మడానికి వీల్లేదు. ఆ ధాన్యం తినడానికి బంగారంలా ఉన్నా కళ్లంలో బరకాల కింద ఉండిపోవాలి. అమ్మితే ఒప్పందం మీరినట్టు. పైగా ఏడో నిబంధనలో 'చేయవచ్చు' అన్న మాట ఉంది. 'చేయవచ్చు' అంటే చేయకపోనూవచ్చు. అంటే పరీక్ష నెగ్గినా కొనాలన్న బాధ్యత వాళ్లకు లేదు, ఇవ్వాలన్న బాధ్యత మాత్రం మనకుంది.

ఎన్ని రోజుల్లో చెబుతారన్న ప్రశ్న కూడా ఊరికే అడిగింది కాదు. వరి మొలక పరీక్ష పూర్తి కావడానికే పద్నాలుగు రోజులు పడుతుంది. నమూనా వెళ్లడం, కాగితం రావడం కలిపితే మూడు వారాలు. దాళ్వా కోత అయ్యాక మనవైపు అకాల వర్షాలు మామూలే. ధాన్యం కొనుగోలు కేంద్రాలు ఎల్లకాలం తెరిచి ఉండవు. తిరస్కారం నలభై రోజులకు తెలిస్తే అమ్ముకునే హక్కు ఉన్నా అమ్ముకునే దారి ఉండదు.

నాలుగో రోజున మెయిల్‌కు జవాబు వచ్చింది. తేమ 13 శాతమేనన్నారు. కౌలుదార్లతో ఒప్పందం చేస్తామని, కౌలు కార్డు నకలు చాలని రాశారు. నమూనా మా ఎదుటే తీసి ఒక భాగం ఇస్తామన్నారు. అనుబంధం బి పంపారు. అది చదివాక గాని ధర సంగతి తెలియలేదు. బస్తాకు రెండొందల యాభై అదనం నిజమే, అయితే అది గ్రేడింగ్ మిషనులో శుద్ధి చేశాక నిలిచిన తూకానికి మాత్రమే. జల్లెడ కిందకు పోయిన సన్న గింజ రైతు తిరిగి తీసుకెళ్లాలి. ఆర్గనైజరు అబద్ధం చెప్పలేదు, సగం చెప్పాడు.

తేమ కోత కూడా అందులోనే ఉంది. 13 మించిన ఒక్కో శాతానికి క్వింటాలుకు కిలోన్నర. ఇది న్యాయమో కాదో లెక్క వేసి చూశాం. 17 శాతం తేమ ఉన్న వంద కిలోల ధాన్యంలో నీరు 17 కిలోలు, మిగతాది 83 కిలోలు. దాన్ని 13 శాతానికి ఆరబెడితే నిలిచేది 95 కిలోల 400 గ్రాములు. అంటే నిజంగా పోయేది 4 కిలోల 600 గ్రాములు. వాళ్లు తగ్గించేది నాలుగు శాతానికి ఆరు కిలోలు. క్వింటాలుకు 1 కిలో 400 గ్రాములు ఎక్కువ. ఎకరానికి నలభై బస్తాలు, అంటే ముప్పై క్వింటాళ్లు అనుకుంటే 42 కిలోలు. ఆ ఏటి మద్దతు ధర క్వింటాలు 2,300 లెక్కన చూసినా ఎకరానికి 966 రూపాయలు. దీంతో మాకు ఒక నిర్ణయం తేలికయింది. తడి ధాన్యం తోలకూడదు, కళ్లంలోనే 13కు ఆరబెట్టి, తేమ మీటరుతో చూసి తోలాలి. అంకె ముందే తెలిస్తే బేరం కుదరకపోయినా పని ఎలా చేసుకోవాలో తెలుస్తుంది.

మూడు, నాలుగు ప్రశ్నలకు మాత్రం మెయిల్‌లో జవాబు లేదు. మర్నాడు ఫోను వచ్చింది. "అది మా ఫార్మాట్ అండి, ఎప్పట్నుంచో అదే ఉంది. పాసైన లాట్ కొనకుండా ఎక్కడికి పోతాం? ఫెయిలైంది మీరు అమ్ముకోండి, మాకెందుకు?" అన్నాడు ఆఫీసు నుంచి ఒకాయన. మాట బాగానే ఉంది. కానీ రాసిన ఒప్పందం ఉన్నచోట దానికి విరుద్ధంగా నోటిమాట చెప్పుకుంటే కోర్టులో నిలబడడం కష్టం. అందుకని ఆ రాత్రే ఇంకో మెయిల్ పెట్టాం. "ఈరోజు మధ్యాహ్నం ఫోనులో మీరు చెప్పినది ఇదీ. ఇది మీ కంపెనీ మాటగా తీసుకోవచ్చునని రాతలో తెలియజేయండి" అని. "జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే" అని రాయమన్నాడు మాలో ఒకడు. మాష్టారు వద్దన్నారు. అవతలివాడి మౌనాన్ని అంగీకారంగా మనం ప్రకటించుకుంటే చెల్లదు. అడుగుతూనే ఉండాలి. రెండు రోజులు అడిగాం. నాలుగో ప్రశ్నకు రాతలో జవాబు వచ్చింది: నమూనా తీసిన 21 రోజుల్లో ఫలితం చెబుతాం, తిరస్కరించిన లాట్‌ను రైతు ధాన్యంగా అమ్ముకోవచ్చు. మూడో ప్రశ్న దగ్గర మాత్రం 'చేయవచ్చు' అన్న మాట మార్చేది లేదన్నారు.

అప్పటికి మేము గెలిచామనుకున్నాం. సంతకాలకు సిద్ధమయ్యాం. అసలు పత్రం చేతికి వచ్చాక, ఫొటోలో తెగిపోయిన ఐదో పేజీ అడుగు భాగం అప్పుడు చదివారు మాష్టారు. రెండే వరుసలు. వాటి సారాంశం ఇది: ఈ ఒప్పందానికి ముందు ఇరుపక్షాల మధ్య జరిగిన మాటలు, ఉత్తరాలు, హామీలు ఏవీ చెల్లవు, ఈ పత్రమూ దాని అనుబంధాలూ మాత్రమే చెల్లుతాయి.

ఆ రెండు వరుసలతో మా మెయిళ్లన్నీ నీళ్లపాలే. సంతకానికి ముందు వచ్చిన జవాబు కనుక, సంతకం పెట్టిన మరుక్షణం దాన్ని మేమే రద్దు చేసుకున్నట్టు అవుతుంది. ఇలాంటి నిబంధన చాలా కంపెనీల పత్రాల్లో ఆఖరునే ఉంటుంది. కావాలని ఫొటో తెగగొట్టారని మేము అనము. ఆఖరు వరుసలు కనుక ఫొటో తీసేటప్పుడు తెగేవి కూడా అవే. అయితే ఆ వరుసల్లోనే దారి కూడా ఉంది. అనుబంధాలు చెల్లుతాయట. అయితే కంపెనీ పంపిన జవాబు మెయిళ్లను అచ్చు తీసి, 'అనుబంధం సి' అని పేరు పెట్టి, ప్రతి పేజీ మీద వాళ్ల సంతకం, మా సంతకం పెట్టి పత్రానికి కుట్టమన్నాం. వాళ్లు రాసిన మాటే కనుక కాదనలేకపోయారు. ఒక రోజు ఆలస్యమైంది, అంతే.

'చేయవచ్చు' మారలేదు కనుక ఐదుగురు సంతకం చేయలేదు, సొంత విత్తనంతో మామూలు ధాన్యమే వేశారు. తొమ్మిది మంది చేశారు. ఎవరిదీ తప్పని మేము అనము. అప్పు మీద సాగు చేసేవాడికి ఆ 'చేయవచ్చు' మోయలేని బరువు, కాస్త ఓపిక ఉన్నవాడికి మోయదగ్గది. ఏం మోస్తున్నామో తెలిసి మోశారు.

కోతల సమయంలో రెండు వానలు పడ్డాయి. తొమ్మిది లాట్లలో ఒకటి మొలకలో పోయింది, 72 శాతం వచ్చింది. ఆర్గనైజరు వచ్చి, "ఆఫీసు చెప్పేదాకా కదపొద్దు, బయట అమ్మితే కేసవుతుంది" అన్నాడు. ఆ రైతు మనవాళ్లలోకెల్లా నెమ్మదస్తుడు, కౌలుదారు. లోపలికెళ్లి అనుబంధం సి తెచ్చి చూపించాడు. నమూనా తీసిన పదిహేడో రోజున తిరస్కార పత్రం రాతలో వచ్చింది. రైతు సేవా కేంద్రంలో ఆ ధాన్యం మద్దతు ధరకే అమ్ముడయింది. అదనపు రెండొందల యాభై పోయింది గాని పంట పోలేదు. ఒక్క కాగితం చేసిన పని అంతే, కానీ ఆ కుటుంబానికి అదే ఏడాది కూడు.

కోర్టులు ఉన్నాయి కదా, ఇంత తంటా ఎందుకు అని కొందరు అడుగుతున్నారు. ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ రైతులు జాతీయ విత్తనాల సంస్థ మీద వేసిన కేసులో సుప్రీంకోర్టు 2012 జనవరి 16న ఇచ్చిన తీర్పు మనకు పెద్ద అండ. అక్కడా విత్తనం ఇచ్చి పంట తీసుకునే ఒప్పందాలున్నాయి. విత్తనం బాగాలేక పంట దెబ్బతిన్నదని రైతులు వినియోగదారుల ఫోరాలకు వెళ్లారు. వీళ్లు వ్యాపారం కోసం పండించారు కనుక వినియోగదారులే కారని, ఒప్పందంలో మధ్యవర్తి నిబంధన ఉంది కనుక అక్కడికే పోవాలని సంస్థ వాదించింది. కోర్టు రెండూ ఒప్పుకోలేదు. కొనాలా వద్దా అన్న ఇష్టం అంతా సంస్థ చేతిలోనే ఉన్న సంగతిని కూడా చూసింది. రైతు విత్తనమంతా చల్లేస్తాడు, పరీక్షకు దాచి ఉంచమని అడగడం కుదరదని చెప్పింది. కాబట్టి మధ్యవర్తి నిబంధన చూసి బెదిరిపోనక్కరలేదు. కానీ ఆ రైతులు ఆ మాట వినడానికి జిల్లా ఫోరం నుంచి ఢిల్లీ దాకా, ఏళ్ల తరబడి తిరిగారు. మొలక పోయిన ధాన్యం అన్నేళ్లు కళ్లంలో ఆగదు.

మేము ఈ దాళ్వా చేసిన కాలంలోనే తెలంగాణలో ములుగు జిల్లా వెంకటాపురం, వాజేడు వైపు విత్తన మొక్కజొన్న వేసిన ఆదివాసీ రైతులు నిండా మునిగారు. ఆందోళన చేస్తే, ప్రభుత్వం కలుగజేసుకుంటే, 2025లో పరిహారం వచ్చింది. అక్కడా రైతుతో మాట్లాడింది ఆర్గనైజర్లే. ఎవరు ఎంతకు పూచీపడ్డారో చెప్పే కాగితం రైతు చేతిలో లేకపోవడమే ఆ గొడవకు మూలం. పోరాడితే పరిహారం వస్తుంది, నిజమే. ఆ పోరాటంలో సగం "అసలు ఏం ఒప్పుకున్నారు" అని తేల్చడానికే పోతోంది.

అందుకే సంఘం తరఫున రెండు కోరికలు పెట్టాలని మా మనవి. విత్తన సాగు ఒప్పందం ఏ కంపెనీది అయినా తెలుగులో ఉండాలి, తెలుగు ప్రతిలో కూడా కంపెనీ సంతకం ఉండాలి, ఇంగ్లీషుకూ తెలుగుకూ తేడా వస్తే తెలుగే చెల్లాలి. పత్రం మొత్తం, అనుబంధాలతో సహా, మూల విత్తనం దించడానికి కనీసం పదిహేను రోజుల ముందు రైతుకు అందాలి. మాకు నాలుగు రోజులే దొరికాయి. నారుమడి అదను చూపించి తొందరపెడితే ఎవడైనా లొంగుతాడు. మేము లొంగకపోవడానికి కారణం ధైర్యం కాదు, ఇళ్లలో సొంత విత్తనం కట్టి ఉంచుకోవడం. బేరం చెడినా చేను ఖాళీగా ఉండదన్న నమ్మకం ఉంటేనే ప్రశ్న అడగగలం.

ఆ కోరికలు నెరవేరేలోగా, ఫొటోలు వచ్చిన సభ్యులు మండల కమిటీ దగ్గరకు రండి. మాష్టారి నోటుబుక్కు నకలు అక్కడ ఉంచాం. కంపెనీ జవాబు మెయిల్‌ను అచ్చు తీశాం కదా అని ఫోనులోంచి చెరిపేయకండి, రేపు సాక్ష్యంగా అడిగేది ఫోనులో ఉన్నదాన్నే. మూల విత్తనం సంచినీ, దాని తెల్ల ట్యాగునూ పంట డబ్బు చేతికి వచ్చేదాకా పారేయకండి. అన్నిటికంటే ముందు, ప్రతి పేజీ నాలుగు అంచులూ కనిపించే ఫొటో పంపమని అడగండి. ఆఖరి వరుస చదవకుండా సంతకం పెట్టవద్దు.